పుట్టి పుణ్యం కట్టుకున్నావు

కార్డులో ఇంగ్లీషు శుభాకాంక్షల కింద, నీలం ఇంకుతో చేత్తో రాసిన కొరియన్ వాక్యం ఒకటుంది: ‘తెఒనా జ్వొసొ కోమావొ’. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల హోటళ్ల బోర్డుల మీద కొరియా అక్షరాలు మామూలైపోయాయి. వాటిని కూడబలుక్కుని చదవడం నాకు నేర్పింది ఈ కార్డు పంపిన స్నేహితురాలే. అక్కడ కొన్నాళ్లు దుబాసీగా పనిచేసి, ఇప్పుడు వాళ్ల దేశంలో సువాన్‌లో ఉంటోంది. నిఘంటువు ముందేసుకుంటే ఆ వాక్యానికి తేలిన అర్థం ‘పుట్టినందుకు థాంక్స్’.

ఇది తెలుగు చెవికి వింతగా తగులుతుంది. పుట్టుక ఊసు మనం మొహం మీద ఎత్తేది ఎక్కువగా తిట్టేటప్పుడే, ‘నా కడుపున ఎందుకు పుట్టావురా’ అని. మురిసిపోయేటప్పుడు కూడా ఆ ఘనత పుట్టినవాళ్లకి కట్టబెట్టం. ‘నా కడుపు పండింది’ అని తల్లి అంటే, ‘పూర్వజన్మ సుకృతం’ అని తాతయ్య అంటాడు. పుట్టినరోజు నాడు పెద్దవాళ్లు ‘నూరేళ్లు చల్లగా ఉండు’ అంటారే కానీ థాంక్స్ చెప్పరు. మా చెల్లెలికి కార్డు చూపిస్తే, ‘అన్నయ్యా, ఇది స్నేహితులు రాసుకునే మాట కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

అందుకని ఆమెకే ఉత్తరం రాశాను. దీని అర్థమేమిటని నేరుగా అడిగితే, నిఘంటువు చెప్పిన మాటే ఆమే చెబుతుందని తెలుసు. సొంత భాషలో పుట్టి పెరిగినవాళ్లకి వ్యాకరణం వివరించడం రాకపోవచ్చు కానీ, ఏ మాట ఎక్కడ అనకూడదో మాత్రం ఇట్టే చెప్పేస్తారు. అందుకే ఇలా అడిగాను: ‘ఈ మాట ఎవరెవరికి రాస్తావు? మీ అమ్మమ్మకి రాస్తావా? మధ్యలో ఆ జ్వొసొ తీసేస్తే ఏమవుతుంది?’

మూడో ప్రశ్నకి వచ్చిన జవాబులోనే అసలు కిటుకుంది. ‘తెఒనా’ అంటే పుట్టి. ‘కోమావొ’ అంటే థాంక్స్, అదీ చనువున్నవాళ్ల దగ్గర అనేది. మధ్యలో ఉన్న ‘జ్వొ’ మాత్రం ‘చుదా’ అనే క్రియ నుంచి వచ్చింది. దాని సొంత అర్థం ‘ఇవ్వడం’. ఇంకో క్రియ వెనక చేరితే మాత్రం ‘నా కోసం చేయడం’ అనే అర్థమిస్తుంది. చివరి ‘సొ’ మన ‘అందుకు’ లాంటిది. తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ‘పెట్టు’: రాసిపెట్టు, వండిపెట్టు, చేసిపెట్టు. అయితే మన ‘పెట్టు’ ఇలాంటి పనుల దగ్గరే ఆగిపోతుంది. ‘వచ్చిపెట్టు’ అనం, ‘పుట్టిపెట్టు’ అంటే జనం నవ్వుతారు. కొరియన్ ‘చుదా’కి ఆ అడ్డు లేదు. ఇంటికొచ్చిన అతిథితో ‘వా జ్వొసొ కోమావొ’ అంటారు, అంటే నా కోసం వచ్చినందుకు థాంక్స్ అని. అందులో జ్వొ తీసేసి ఉత్త ‘వచ్చినందుకు’ అంటే అర్థం తెలుస్తుంది కానీ కొరియన్లకి అతకదు. ఎదుటివాళ్లు చేసిన పనికి కోమావొ చెప్పేటప్పుడు, ఆ పని మన కోసం జరిగినట్టు పలకడం అక్కడి రివాజు.

కాబట్టి ఈ జ్వొ కనిపించగానే ఏదో గొప్ప భావం ఒలికిపోయిందని అనుకోనక్కర్లేదు. సగం అది వ్యాకరణం చేసే పనే. మిగతా సగం మాత్రం కావాలని చేసిన చమత్కారం. రావడం, ఆగడం, సాయం చేయడం మన చేతిలో ఉండే పనులు. పుట్టడం ఎవరి చేతిలోనూ లేదు. అలాంటిదాన్ని కూడా నాకు చేసిపెట్టిన మేలుగా లెక్కేసి థాంక్స్ చెప్పడంలోనే ఆ వాక్యం తీపంతా ఉంది. సమయానికి వచ్చి ఆదుకున్న మనిషితో మనం ‘వచ్చి పుణ్యం కట్టుకున్నావమ్మా’ అంటాం చూడండి, నాకు తట్టిన తెలుగుల్లో అదే దగ్గరగా ఉంది. కాకపోతే ‘పుట్టి పుణ్యం కట్టుకున్నావు’ అంటే మన దగ్గర వెటకారంగా వినిపించే ప్రమాదముంది. కొరియన్‌లో వెటకారం లేదు.

ఎవరెవరికి రాస్తావన్న ప్రశ్నకి పెద్ద జాబితానే పంపింది. తల్లిదండ్రులు పిల్లలతో అంటారు, ప్రేమికులు అనుకుంటారు, దగ్గరి స్నేహితులు కార్డుల్లో రాసుకుంటారు, అభిమానులు తమ పాటగాళ్లకి రాస్తారు. సియోల్ మెట్రో స్టేషన్లలో అభిమానులు డబ్బులు పోగేసి తమ తారల పుట్టినరోజుకి ప్రకటనలు పెట్టిస్తుంటారు. వాటి మీద కూడా ఇలాంటి మాటలు కనిపిస్తాయట. అంటే మా చెల్లెలి తీర్పు పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ప్రేమలేఖలో ఉండే మాటే, కానీ ఇది ఉన్నంతమాత్రాన ప్రేమలేఖ అయిపోదు. కార్డులో ఇంకేం రాశారు, రోజూ ఎలా మాట్లాడతారు అన్నది చూసుకోవాల్సిందే. నా కార్డులో మిగతాదంతా పెనుకొండ ఎండల గురించీ, ఆమెకి అలవాటైపోయిన ఆవకాయ గురించీ!

అమ్మమ్మకి మాత్రం రాయదట. పెద్దవాళ్లు మనకంటే ముందే ఉన్నారు, వాళ్లు పుట్టడాన్ని మెచ్చుకోవడానికి మనమెవరం అన్నట్టుంటుందని ఆమె వివరణ. పెద్దల విషయంలో పుట్టినరోజు అనే మాటే మారుతుంది. మనకైతే ‘సెంగిల్’, వాళ్లకైతే ‘సెంగ్‌షిన్’. వాళ్లకి ఆరోగ్యంగా చాలాకాలం ఉండమని కోరుతూ రాస్తారు. ఇక్కడికొచ్చేసరికి మన ‘నూరేళ్లు’ వాళ్ల దగ్గరా ఉంది, కాకపోతే మనకి పెద్దలు చిన్నలతో అనే దీవెన, వాళ్లకి చిన్నలు పెద్దలతో అనే కోరిక.

నేను అడగని సంగతి కూడా ఒకటి చెప్పింది. పుట్టినరోజు పొద్దున కొరియన్ ఇళ్లలో ‘మియొక్కుక్’ అనే సముద్రపు నాచు సూపు తాగుతారు. నానబెట్టిన నాచుని నువ్వుల నూనెలో వేయించి, సాధారణంగా గొడ్డు మాంసం ముక్కలతో మరిగిస్తారు. నిజానికి ఇది బాలింత పథ్యం. కాన్పయ్యాక తల్లికి రోజూ పెట్టేది ఇదే. పిల్లలు ఏటా అదే తాగుతున్నారంటే, ఆ రోజు అమ్మ తిన్నదాన్ని తలుచుకుంటున్నట్టు. ‘మియొక్కుక్ తిన్నావా’ అని అడగడమే ఒక పలకరింపు. నాచు జారుడుగా ఉంటుంది కాబట్టి పరీక్షలున్న రోజు దాన్ని దగ్గరకి రానివ్వరు. పరీక్ష పోయిందనడానికి కూడా ‘మియొక్కుక్ తిన్నాడు’ అనేస్తారు.

ఆ సూపుతో పాటు అమ్మానాన్నలకి చెప్పే మాటొకటుంది: ‘నాఆ జుష్యొసొ కంసాహమ్నిదా’. నన్ను కన్నందుకు ధన్యవాదాలు. అందులోనూ అదే ‘చుదా’ ఉంది, గౌరవ రూపంలో. చివర కోమావొ బదులు మర్యాదగా కంసాహమ్నిదా వచ్చింది. కన్నందుకు తల్లికి, పుట్టినందుకు బిడ్డకి, ఒకే ఘటనకి రెండు వైపులా థాంక్స్ పంచుతారన్నమాట. కార్డులోని వాక్యం ఒంటరిగా చూస్తే వింత, ఈ రెండోదాని పక్కన పెడితే జంట కుదిరింది.

ఇక నా చిక్కు జవాబు రాయడం దగ్గర. ‘పర్లేదు’ అనలేం కదా, పుట్టడంలో మనం పడ్డ శ్రమేముంది? ‘చింగుగా త్వెఒ జ్వొసొ కోమావొ’ అని రాయమంది, నాకు స్నేహితురాలివైనందుకు అని. మళ్లీ అదే జ్వొ, ఈసారి వ్యాకరణం కోసం మాత్రమే కాదు. చివర ఒక హెచ్చరిక కూడా చేసింది: ‘కొత్తగా నేర్చుకున్నావు కదా అని ఈ వాక్యం మా నాన్నగారి పుట్టినరోజుకి మాత్రం పంపకు. ఆయనకి సెంగ్‌షిన్ శుభాకాంక్షలు చాలు.’