మార్చి బిల్లు ఏప్రిల్‌లో వస్తే

మార్చి సగానికి వచ్చిందంటే కంపెనీల అకౌంట్స్ విభాగాల నుంచి వెండర్లకు నోటీసులు మొదలవుతాయి: పెండింగ్ బిల్లులన్నీ ఫలానా తేదీలోగా పంపండి, ఆ తర్వాత వచ్చినవి తీసుకోబోం. అది చదివిన చిన్న కాంట్రాక్టరుకు గుండె జారుతుంది. తేదీ దాటితే డబ్బు పోయినట్టేనా?

పోదు. చేసిన పనికి రావలసిన బాకీ ఒక ఈమెయిల్‌తో రద్దు కాదు. ఆ గడువు మార్చి 31తో ముగిసే ఏడాది లెక్కలు మూయడానికి పెట్టుకున్నది. అకౌంటెంటుకు కావలసింది పని ఏ నెలలో జరిగిందన్న సంగతి. మార్చిలో జరిగిన పని ఖర్చు ఆ ఏడాది లెక్కలోకే రావాలి, బిల్లు ఎప్పుడొచ్చినా సరే.

హైదరాబాద్‌లో ఒక ఆఫీసుకు హౌస్‌కీపింగ్ చేసే చిన్న కంపెనీ ఉందనుకుందాం. నెలకు 2 లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ 36 వేలు. మార్చి బిల్లు ఏప్రిల్ 5లోగా ఇమ్మన్నారు, రాలేదు. అప్పుడు అకౌంటెంటు పీవో చూసి 2 లక్షలను మార్చి ఖర్చుగా రాస్తాడు. దీన్నే ప్రొవిజన్ అంటారు. బిల్లు లేనిదే పన్ను క్రెడిట్ రాదు కాబట్టి జీఎస్టీని అందులో కలపడు. టీడీఎస్ మాత్రం ఆగదు. 2 శాతం, అంటే 4 వేలు, మినహాయించి ఏప్రిల్ 30లోగా ప్రభుత్వానికి కట్టాలి.

ఏప్రిల్ 18న బిల్లు వచ్చింది. దాన్ని ఆ ప్రొవిజన్‌కు సర్దాలి. క్లర్కు మరిచిపోయి ఏప్రిల్ ఖర్చుగా ఎక్కించాడంటే ఒకే పని రెండుసార్లు లెక్కకెక్కుతుంది, టీడీఎస్ కూడా రెండుసార్లు కోత పడవచ్చు. జూన్‌లోనూ ప్రొవిజన్ల జాబితాలో ఆ వెండర్ పేరు కదలకుండా ఉంటే అనుమానించాల్సిందే.

ఇక్కడే కొందరు చేసే తెలివితక్కువ పని ఒకటుంది: బిల్లు మీద మార్చి 31 అని వేయించడం. నెలనెలా రిటర్ను వేసే వెండరు మార్చి అమ్మకాలను ఏప్రిల్ 11లోగా జీఎస్టీఆర్-1లో చూపాలి. అది అప్పటికే వేసేసి ఉంటే ఈ బిల్లు అందులో ఉండదు, కొనుగోలుదారు జీఎస్టీఆర్-2బిలో కనబడదు, 36 వేల క్రెడిట్ ఆగుతుంది. సేవలకు బిల్లు ఇవ్వడానికి సాధారణంగా 30 రోజుల వ్యవధి ఉంది. ఏప్రిల్ తేదీనే వేసి, ‘మార్చి నెల సేవలకు’ అని రాస్తే సరిపోతుంది.

నిజానికి చాలా బిల్లులు ఆలస్యమయ్యేది వెండరు బద్ధకం వల్ల కాదు. పని పూర్తయిందని సంతకం పెట్టాల్సిన కంపెనీ ఉద్యోగే సెలవులో ఉంటాడు. నోటీసు మాత్రం అతనికి వెళ్లదు! అలాంటప్పుడు వెండరు గడువులోగా పీవో నంబరు, నెల, మొత్తం రాసి ఒక మెయిల్ పెడితే, బిల్లు లేకపోయినా ప్రొవిజన్ రాయడానికి అకౌంటెంటుకు అదే ఆధారమవుతుంది.