ఇంట్లో 214, ల్యాబ్‌లో 176

"ఈ మిషను పాడైపోయిందిరా" అంటూ మా పిన్ని గ్లూకోమీటరు నా చేతిలో పెట్టింది. పరగడుపున ఇంట్లో 128 వస్తే ల్యాబ్‌లో 116 వచ్చిందట. టిఫిన్ తిన్న రెండు గంటలకి ఇంట్లో 214, ల్యాబ్‌లో 176. పొద్దున 12 ఉన్న తేడా తిన్నాక 38 ఎందుకయిందన్నదే ఆమె భయం.

నిజానికి ఆ పెరగడంలోనే జవాబుంది. ఇంట్లో వేలి కొసన పొడుస్తాం. అక్కడొచ్చేది చాలావరకు ధమనుల నుంచి అప్పుడే చేరిన రక్తం. ల్యాబ్‌లో మోచేతి దగ్గర సిర నుంచి తీస్తారు. అది కండరాలకు చక్కెర ఇచ్చేసి తిరిగి వెళ్తున్న రక్తం. పరగడుపున ఇన్సులిన్ తక్కువగా ఉంటుంది కాబట్టి కండరాలు పెద్దగా చక్కెర లాక్కోవు, రెండు చోట్లా అంకె దాదాపు ఒకటే. తిన్నాక ఇన్సులిన్ పెరిగి కండరాలు చక్కెర గుంజుకుంటాయి. అప్పుడు సిరలో కంటే వేలి దగ్గర 20, 30, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కనిపిస్తుంది. అక్కడ మిషను తప్పేమీ లేదు.

మరి పొద్దుటి 12? మీటర్లకు 2013 నాటి ఐఎస్ఓ ప్రమాణం కొంత వెసులుబాటు ఇస్తుంది. చక్కెర 100 దాటినప్పుడు నూటికి 95 రీడింగులు ల్యాబ్ అంకెకు 15 శాతం లోపు ఉంటే చాలు. 116కి అది సుమారు 99 నుంచి 133 వరకు. పిన్ని 128 అందులోనే ఉంది.

ల్యాబ్ అంకె కూడా ఒక్కోసారి జారిపోతుంది. గొట్టంలోకి తీశాక కూడా రక్తకణాలు చక్కెర తింటూనే ఉంటాయి. అలాగే వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. బూడిదరంగు మూత గొట్టంలోని ఫ్లోరైడ్ దాన్ని ఆపుతుంది కానీ, పూర్తిగా పట్టు సాధించడానికి గంటా రెండు గంటలు పడుతుంది. అందుకే ఇంటికొచ్చి తీసుకెళ్లిన శాంపిల్ ఎంతసేపటికి ల్యాబ్ చేరుతుందో అడగండి.

రక్తం తక్కువున్నవాళ్లకు చాలా మీటర్లు కాస్త ఎక్కువ చూపిస్తాయి. మామిడిపండు కోసిన చేత్తో పొడుచుకుంటే మాత్రం కాస్త కాదు, ఎంతో ఎక్కువ చూపిస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే ఆ తీపి పూర్తిగా పోకపోవచ్చు. నీళ్లతో కడిగి, తడి ఆరాకే పొడవాలి.

మీటరును పరీక్షించాలంటే పరగడుపున దాన్ని ల్యాబ్‌కే పట్టుకెళ్లండి. సిర నుంచి రక్తం తీసిన అయిదు నిమిషాల్లో వేలు పొడుచుకోండి. పిన్ని మరుసటి నెల అలాగే చేసింది. మీటరులో 121, ల్యాబ్‌లో 117.

షుగరు ఉందా లేదా అని తేల్చాల్సింది ల్యాబ్ పరీక్షే. కానీ చెమటలు పట్టి, చేతులు వణికి, మీటరు 70 లోపు చూపిస్తే ల్యాబ్ కోసం ఆగకండి, ముందు చక్కెర నోట్లో వేసుకోండి.