క్లిక్కులు వచ్చాయి, చీరలు కదల్లేదు

మంగళగిరి చీరలు ఆన్‌లైన్లో అమ్మే ఒక చిన్న వ్యాపారి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు 12,000 రూపాయలు పెట్టారనుకుందాం. వారం తిరిగేసరికి యాడ్స్ మేనేజర్ 6,000 క్లిక్కులు చూపించింది. ఒక్కో క్లిక్‌కు రెండే రూపాయలు! తీరా చూస్తే వచ్చిన ఆర్డర్లు మూడు. ఫొటో బాగాలేదేమో, ధర ఎక్కువైందేమో అని తలబాదుకుంటారు గానీ, మొట్టమొదటి తెర మీద తాము ఎంచుకున్న ‘ట్రాఫిక్’ అనే మాట మీదికి అనుమానం పోదు.

ఆ తెర మీద ఆరు లక్ష్యాలు ఉంటాయి: అవేర్‌నెస్, ట్రాఫిక్, ఎంగేజ్‌మెంట్, లీడ్స్, యాప్ ప్రమోషన్, సేల్స్. చాలామంది వీటిని ఫైలు మీద రాసుకునే పేర్లలా చూస్తారు. నిజానికి ప్రకటన ఎవరికి కనిపించాలో తేల్చేది అదే. ఒకరి ఫోన్‌లో ప్రకటనకు చోటు దొరికిన ప్రతిసారీ లోపల ఒక వేలం నడుస్తుంది. మన పాట ఎంత, ప్రకటన నాణ్యత ఎలా ఉంది అన్నవాటితో పాటు, ఈ మనిషి మనం కోరిన పని చేసే అవకాశం ఎంత అన్నదీ అక్కడ లెక్కకు వస్తుంది. ట్రాఫిక్ అంటే ఆ పని లింకు నొక్కడం. సేల్స్ ఎంచుకుని ‘కొనుగోలు’ అని చెబితే ఆ పని డబ్బు కట్టడం.

కాబట్టి రెండు క్యాంపెయిన్లలోనూ అదే ఊరు, అదే వయసు, అదే ఫొటో పెట్టినా ప్రకటన చూసే మనుషులు వేరు. కనిపించిన ప్రతిదాన్నీ నొక్కి చూసి, పేజీ తెరుచుకోకముందే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు కోకొల్లలు. కొనేవాళ్లు కావాలనుకునే వ్యాపారులు వీళ్ల కోసం పెద్దగా పోటీపడరు, అందుకే చవకగా దొరుకుతారు. కొనే అలవాటున్న మనిషి కోసం పదిమంది పోటీ, ధర ఎక్కువ. కరపత్రాలు పంచే కుర్రాడికి ‘వెయ్యి చేతుల్లో పడాలి’ అని మాత్రమే చెబితే వాడు బస్టాండ్‌లోనే నిలబడతాడు, పెళ్లిబట్టల కొట్ల సందులోకి వెళ్లడు. వాణ్ణి తప్పుబట్టడానికి లేదు.

ఈ నష్టం చప్పుడు చేయకపోవడానికి కారణం రిపోర్టే. అందులోని ‘రిజల్ట్స్’ వరుస మనం అడిగినదాన్నే లెక్కపెడుతుంది. క్లిక్కులు అడిగితే క్లిక్కులు చూపించి, పని దివ్యంగా జరుగుతోందంటుంది. అందుకే ‘లింక్ క్లిక్స్’ పక్కన ‘ల్యాండింగ్ పేజ్ వ్యూస్’ అనే వరుసను తెచ్చి పెట్టుకోవాలి. 6,000 మంది నొక్కితే పేజీ తెరుచుకున్నది 2,500 మందికేనంటే ఎక్కడో తేడా ఉంది. పేజీ బరువుగా ఉండి కూడా అలా జరగొచ్చు, కాబట్టి ముందు మామూలు మొబైల్ డేటా మీద మీరే ఒకసారి తెరిచి చూడండి. పేజీ వెంటనే వస్తుంటే అనుమానించాల్సింది క్లిక్కులనే.

ఇప్పుడు అదే 12,000 సేల్స్ కింద పెడితే? క్లిక్ 15 రూపాయలు పడిందనుకోండి, వచ్చేది 800 మందే. వాళ్లలో పన్నెండుగురు కొంటే ఆర్డరుకు వెయ్యి ఖర్చు. ట్రాఫిక్‌లో అదే ఆర్డరుకు నాలుగు వేలు పడింది. చీర మీద 1,200 మిగిలే వ్యాపారికి ఒకటి గట్టెక్కే దారి, రెండోది నిలువునా మునిగే దారి.

అయితే సేల్స్ నొక్కగానే పని అయిపోదు. వెబ్‌సైట్‌లో పిక్సెల్ పెట్టాలి. కొనుగోలు జరిగినప్పుడు ఆ కబురు మెటాకు చేరాలి. చేరకపోతే యంత్రానికి కొనేవాడెవడో తెలిసే దారే లేదు. పైగా ఒక్కో యాడ్ సెట్‌కు వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే గానీ దాని లెక్క కుదురుకోదని మెటాయే చెబుతుంది. వారానికి పన్నెండు ఆర్డర్లతో అది కుదరదు. అలాంటప్పుడు నాలుగైదు యాడ్ సెట్లుగా చీల్చిన బడ్జెట్‌ను ఒక్కదానిలోకి చేర్చాలి. అదీ చాలకపోతే కొనుగోలుకు ఒక మెట్టు కింద, చెకౌట్ మొదలుపెట్టడాన్ని కోరవచ్చు. ఇందులోనూ అదే జబ్బు కాస్త తక్కువ మోతాదులో ఉంటుంది, చెకౌట్ దాకా వచ్చి వదిలేసేవాళ్లు దొరుకుతారు. ఆర్డర్లు పెరగగానే పై మెట్టుకు మారిపోవాలి.

మన దగ్గర చాలామంది అమ్మేది వాట్సాప్‌లోనే. సంభాషణలు కావాలని అడిగితే సంభాషణలే వస్తాయి. ‘ప్రైస్ ప్లీజ్’ అని అడిగి మాయమయ్యేవాళ్లతో రోజంతా గడిచిపోతుంది. ధర ఫొటో మీదే వేస్తే సగం బెడద తీరుతుంది. మెసేజ్‌కు ఎంత పడిందని కాక, ఎన్ని మెసేజ్‌లకు ఒక ఆర్డరు వస్తోందో పుస్తకంలో రాసుకోవాలి.

ట్రాఫిక్ పనికిరానిదని కాదు. జనం పేజీ చదవడమే ఆదాయమైన వార్తల సైటుకు అది సరైనదే, అక్కడ కూడా క్లిక్కుల బదులు పేజీ తెరుచుకోవడాన్ని కోరుకుంటే మేలు.

నడుస్తున్న క్యాంపెయిన్‌లో లక్ష్యాన్ని మార్చడం కుదరదు, దాన్ని ఆపి కొత్తది పెట్టాల్సిందే. ఆ కొత్తదాంట్లో మొదటిరోజు 15 రూపాయల క్లిక్ చూసి గుండె జారి, మళ్లీ పాతదానికే పోయేవాళ్లను చాలామందిని చూశాను. క్లిక్ ధర చూపించే వరుసను తీసేసి, దాని స్థానంలో ఆర్డరు ఖర్చు పెట్టుకుని, వారం రోజులు దాన్ని కదిలించకుండా వదిలేయండి.