మానినవాళ్లకో తూకం... మాననివాళ్లకో తూకం!

సిగరెట్‌ మానేస్తే ఒళ్లొస్తుందంటారు. నిజమేనా? నిజమైతే, ఎన్ని కిలోలు?

అమెరికాలో 1971-75 మధ్య ఆరోగ్య సర్వేలో పాల్గొన్న 1,566 మంది పొగరాయుళ్లను 1982లో మళ్లీ తూచారు. వాళ్లలో 403 మంది అప్పటికి సిగరెట్‌ మానేశారు. వీళ్లు సగటున నాలుగున్నర కిలోలు పెరిగితే, మాననివాళ్లు రెండు కిలోలు పెరిగారు. తేడా రెండున్నర. లెక్క తేలిపోయినట్టేనా?

తేలలేదు. మానేసినవాళ్ల సగటు వయసు 46 ఏళ్లు. మాననివాళ్లది 43లోపే. వయసు మళ్లేకొద్దీ బరువు పెరగడం నెమ్మదిస్తుంది. అంటే ఆ రెండున్నరలో సిగరెట్‌ వాటా ఎంతో, వయసు వాటా ఎంతో తెలీదు.

ఆ చిక్కు విప్పేదే 'విలోమ సంభావ్యతా తూకం'. అదెలాగో ఓ ఊహాలెక్కలో చూద్దాం. వందమంది కుర్రాళ్లలో 20 మంది, వందమంది పెద్దవాళ్లలో 50 మంది సిగరెట్‌ మానేశారనుకోండి. మానిన కుర్రాళ్లు ఆరు కిలోలు, మాననివాళ్లు మూడు కిలోలు పెరిగారు. పెద్దల్లో మానినవాళ్లు మూడు కిలోలు పెరిగారు, మాననివాళ్లు అసలు పెరగలేదు. ఏ వయసులో చూసినా తేడా మూడు కిలోలే. కానీ అందరినీ కలిపి సగటు తీస్తే రెండే వస్తుంది!

ఇప్పుడు, మానే అవకాశం అయిదో వంతే ఉన్నా మానేసిన ఒక్కో కుర్రాణ్నీ అయిదుగురిగా లెక్కించండి. మానిన ఒక్కో పెద్దాయన్ని ఇద్దరిగా లెక్కించండి. మానని కుర్రాళ్లకు తూకం ఒకటింపావు, పెద్దలకు రెండు. అప్పుడు రెండు జట్లలోనూ వందమంది కుర్రాళ్లు, వందమంది పెద్దలు ఉన్నట్టవుతుంది. సగటులు నాలుగున్నర, ఒకటిన్నర. తేడా సరిగ్గా మూడు!

అసలు సర్వేకి హార్వర్డ్‌ పరిశోధకులు మిగ్వెల్‌ హెర్నాన్‌, జేమ్స్‌ రాబిన్స్‌ ఇలాగే తూకాలు వేశారు. వయసుతోపాటు రోజుకెన్ని సిగరెట్లు, ఎన్నేళ్లుగా అలవాటు, వ్యాయామం వంటివీ చూశారు. రెండున్నర కాస్తా 3.4 కిలోలైంది.

మరి మానే అవకాశాన్ని అంచనా వేయడంలోనే పొరపాటు జరిగితే? రాబిన్స్‌, ఆండ్రియా రాట్నిట్‌స్కీ, జావో 1994లో చూపిన పద్ధతిలో రెండంచెల భద్రత ఉంది. ముందు ప్రతి మనిషీ మానితే ఎంత, మానకపోతే ఎంత పెరుగుతారో వివరాలనుబట్టి ఊహిస్తారు. ఊహకీ వాస్తవానికీ ఉన్న తేడాను పై తూకంతో సరిచేస్తారు. ఊహ సరైనదైతే సరిచేయాల్సింది సగటున సున్నా అవుతుంది, కాబట్టి తూకం తప్పినా నష్టంలేదు. తూకం సరైనదైతే ఊహలోని తప్పు సర్దుకుంటుంది. రెండూ కాస్తకాస్త తప్పితే మాత్రం మామూలు పద్ధతికన్నా ఘోరంగా దెబ్బతినొచ్చని 2007లో కాంగ్‌, షాఫర్‌ చూపించారు.

ప్రమాదాన్ని ముందే పసిగట్టొచ్చు. మానినవాళ్ల తూకాలన్నీ కూడితే మొత్తం జనాభా దగ్గరికి రావాలి. ఏ ఒక్కరి తూకమో వంద దాటిందంటే ఫలితం ఆ ఒక్కరిమీద మరీ ఎక్కువగా ఆధారపడుతున్నట్టే. ఇక ఏదో జబ్బుచేసి సిగరెట్‌ మాని, ఆ జబ్బువల్లే చిక్కిపోయినవాళ్లుంటే, ఆ సంగతి సర్వేలో రాసుకోకపోతే... ఏ తూకమూ దాన్ని పట్టలేదు.