ఎన్‌డీఏ మీద సంతకం పెట్టేశారా? ఏడు పేజీల్ని నాలుగు గళ్లల్లో పెట్టి చూద్దాం

నరసరావుపేట నుంచి మాట్లాడుతున్నాను. నేను లాయర్‌ని, కాంట్రాక్టులు చదవడమే నా రోజువారీ పని. గురజాల వైపు నుంచి ఒక కుర్రాడు ఆగస్టు 5న ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. అతని పేరు, కంపెనీ పేరు చెప్పను. మిగతాదంతా చెప్తాను.

కుర్రాడు ఒక యాప్ కట్టాడు. రైతు కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీల మిర్చి పెట్టాడు, అది తేజానా ఇంకో రకమా, ఎప్పుడు పెట్టాడు అన్నీ అందులో ఉంటాయి. ఏ రేటు దగ్గర అమ్మితే అద్దె పోను రైతుకి మిగులుతుందో కూడా ఆ యాప్ చెప్తుంది. ఆ లెక్క అతను సొంతంగా కట్టుకున్న ఫార్ములా. ఒక మసాలా కంపెనీ కలిసి పని చేద్దామని వచ్చింది. జూలై 1న ఇద్దరూ మ్యూచువల్ ఎన్‌డీఏ మీద సంతకాలు చేశారు. మ్యూచువల్ అంటే రెండు వైపులా అని. ఒకరి గుట్టు ఇంకొకరు బయటపెట్టకూడదన్నమాట.

"సంతకం అయిపోయింది కదన్నా, ఇక నా ఫార్ములా సేఫే కదా?" అన్నాడు. చదివావా తమ్ముడూ అంటే, "ఏడు పేజీలన్నా, ఇంగ్లీషు" అన్నాడు.

సరే అని ఒక తెల్ల కాగితం తీసి నాలుగు గళ్లు గీశాను. ఎంతకాలం? ఏది గుట్టు? ఎవరికి చెప్పొచ్చు? చివర్లో ఏం తిరిగి ఇవ్వాలి? ప్రతి గడిలో రాసే మాట పక్కన అది ఏ క్లాజులో ఉందో నంబర్ వేయాలి. నంబర్ వేయలేకపోయారంటే అది అగ్రిమెంట్‌లో ఉన్న మాట కాదు, మీ ఊహ. అగ్రిమెంట్ ఒక విషయం గురించి ఏమీ చెప్పకపోతే "ఏమీ లేదు" అని కూడా రాసుకోవాలి. చాలాసార్లు దెబ్బ తగిలేది అక్కడే.

మొదటి గడి, కాలం. ఇక్కడ రెండు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి, సమాచారం ఇచ్చిపుచ్చుకునే కాలం. రెండోది, ఆ తర్వాత కూడా నోరు మూసుకుని ఉండాల్సిన కాలం. ఇతని కాగితంలో మొదటిది ఒక సంవత్సరం, రెండోది అది ముగిశాక ఇంకో రెండేళ్లు. అంటే మొత్తం మూడేళ్లు. మూడేళ్లు దాటితే, ఈ కాగితం ప్రకారం ఫార్ములాకి రక్షణ లేదు. యాప్ కోడ్, ఫార్ములా లాంటివాటికి "అది రహస్యంగా ఉన్నంత కాలం" అని విడిగా ఒక లైన్ అడగాలి. మన దేశంలో వ్యాపార రహస్యాల కోసం ప్రత్యేక చట్టం లేదు. ఒకటి తేవాలని లా కమిషన్ 2024లో సిఫార్సు చేసింది. కాబట్టి ఇలాంటి గొడవల్లో మనం ముందు చూపించుకోవాల్సింది ఈ కాగితాన్నే.

రెండో గడి, ఏది గుట్టు. ఇక్కడ నేను ఆగిపోయాను. కాగితంలో ఇచ్చేదాని మీద, ఇచ్చేటప్పుడే "కాన్ఫిడెన్షియల్" అని రాసి ఉండాలట. నోటితో చెప్పినదైతే 30 రోజుల్లో రాతపూర్వకంగా పంపి ఖాయం చేయాలట. లేకపోతే అది గుట్టు కింద లెక్కలోకే రాదు.

"ఫార్ములా ఎలా చెప్పావు?" అని అడిగాను. "వీడియో కాల్‌లోనన్నా, జూలై 10న." మెయిల్ పెట్టావా అంటే లేదన్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టాం. ఆగస్టు 9తో గడువు అయిపోతుంది. ఇంకా నాలుగు రోజులు ఉంది. అక్కడే కూర్చోబెట్టి మెయిల్ రాయించాను. కాల్ తేదీ, కాల్‌లో ఎవరెవరు ఉన్నారు, ఏ విషయం చెప్పాడు, అది కాన్ఫిడెన్షియల్ అని. ఫార్ములా మొత్తం మళ్లీ రాయక్కర్లేదు, ఏం చెప్పామో గుర్తుపట్టేలా ఉంటే చాలు. నోటీసులు ఏ అడ్రస్‌కి పంపాలో కూడా అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. మెయిల్ సరిగ్గా దానికే వెళ్లాలి.

ఇంకోటి కూడా బయటపడింది. రైతుల ఫోన్ నంబర్ల ఎక్సెల్ షీటుని వాట్సాప్‌లో పంపేశాడు, దాని మీద ఏ ముద్రా లేదు. ముద్ర వేసి మళ్లీ పంపొచ్చు గానీ, మొదట వెళ్లిన కాపీకి రక్షణ ఉందని నేను హామీ ఇవ్వలేను. దానికి ఇద్దరూ సంతకం పెట్టిన చిన్న సవరణ కాగితం కావాలి. ఇదే గడిలో మినహాయింపులు కూడా రాసుకోవాలి. అందరికీ తెలిసినది, వాళ్లకి ముందే తెలిసినది, ఇంకొకరి దగ్గర సక్రమంగా వచ్చినది, వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నది గుట్టు కాదు. ఆ షీటులో కొందరు రైతులు ఎప్పటి నుంచో కంపెనీకే మిర్చి అమ్ముతున్నారనుకోండి, ఆ నంబర్లు ఇతని రహస్యం కావు.

మూడో గడి, ఎవరికి చెప్పొచ్చు. పనికి అవసరమైన ఉద్యోగులకి, లాయర్‌కి, ఆడిటర్‌కి చెప్పొచ్చు. కోర్టు అడిగితే ఇవ్వొచ్చు గానీ, వీలైతే అవతలివాళ్లకి ముందు తెలియజేయాలి. ఇన్వెస్టర్ అనే మాట ఎక్కడా లేదు. కుర్రాడు మాత్రం వచ్చే వారం హైదరాబాద్‌లో ఒక ఇన్వెస్టర్‌కి చూపించడానికి స్లయిడ్లు చేసుకున్నాడు. అందులో కంపెనీ ఏ రకం మిర్చి ఎంతకి కొంటుందో పట్టిక ఉంది! మ్యూచువల్ అంటే ఇదే మరి. తన గుట్టు గురించే భయపడుతున్నవాడు, వాళ్ల గుట్టు తనే బయటపెట్టబోయాడు. ఆ స్లయిడ్ తీయించేశాను. చూపించాల్సిందే అంటే ముందు కంపెనీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

నాలుగో గడి, తిరిగి ఇవ్వడం. రాతపూర్వకంగా అడిగిన 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, లేదా చెరిపేసి "చెరిపేశాం" అని సంతకంతో రాసివ్వాలి. "అడిగిన" అన్న మాట గమనించండి. అగ్రిమెంట్ ముగిసింది కదా అని వాటంతట అవి తిరిగి రావు. మనం అడగకపోతే వాళ్లు ఇవ్వక్కర్లేదు. సర్వర్ బ్యాకప్‌లో మిగిలిన కాపీ ఉంచుకోవచ్చని ఒక మినహాయింపు ఉంది. మరి ఆ కాపీ మీద గుట్టు బాధ్యత మూడేళ్ల తర్వాత కూడా ఉంటుందా అని చూశాను. "ఏమీ లేదు" అని రాసుకున్నాను. సవరణలో అది కూడా అడగమన్నాను. మన వైపు నుంచి చెరపాల్సి వస్తే గూగుల్ డ్రైవ్ ఒక్కటే కాదు, వాట్సాప్, డెవలపర్ ల్యాప్‌టాప్, ప్రింటు తీసిన కాగితాలు కూడా చూడాలి. అందుకే ఏది ఎక్కడ పెట్టామో మొదటి రోజు నుంచే ఒక లిస్టు రాసుకోవాలి.

ఈ నాలుగు గళ్లల్లో ఇమడని క్లాజు కనిపిస్తే కాగితం అడుగున విడిగా రాయండి. ఇతనిదాంట్లో "రెండేళ్లు ఇంకే మసాలా కంపెనీతోనూ పని చేయకూడదు" అని ఒకటి ఉంది. అది గుట్టు కాపాడే షరతు కాదు, చేతులు కట్టేసే షరతు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందాలు ఆ మేరకు చెల్లవు. కానీ అది తేలడానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి రావొచ్చు. సంతకానికి ముందే కొట్టేయించడం తేలిక. ఇప్పుడు అదీ సవరణలోకే వెళ్లింది.

మెయిల్ ఆ సాయంత్రమే వెళ్లింది. అందిందని కంపెనీ నుంచి జవాబు కూడా వచ్చింది. సవరణ కాగితం మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి. అది తేలేదాకా కోడ్ చూపించొద్దని చెప్పాను.

మీ దగ్గర ఎన్‌డీఏ ఉంటే రెండో గడితో మొదలుపెట్టండి. నోటితో చెప్పినదానికి ఎన్ని రోజుల గడువు ఉందో వెతికి, చివరి కాల్ ఎప్పుడు జరిగిందో కాల్ లాగ్‌లో చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.