లాకిన్ గడువు వేరు, నోటీసు గడువు వేరు
ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో ఇళ్ల అద్దె ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకు కుదురుతాయి. వాటిలోని లాకిన్ గడువు ముగిసేవరకు అద్దెదారు ఇల్లు వదలరాదు. ఖాళీ చేసేందుకు ఎన్నాళ్లు ముందుగా తెలియజేయాలో నోటీసు గడువు చెబుతుంది.

ఉదాహరణకు, నోయిడాలో నెలకు రూ.30,000 అద్దెతో జనవరి 1న ఒప్పందం మొదలైందనుకుందాం. లాకిన్ ఆరు నెలలు, నోటీసు ఒక నెల. అద్దెదారు మార్చి 31న నోటీసిచ్చి ఏప్రిల్ 30న ఖాళీ చేస్తే నోటీసు నిబంధన నెరవేరినా లాకిన్ ఉల్లంఘన అవుతుంది. మే, జూన్ అద్దె కింద యజమాని రూ.60,000 కోరవచ్చు. అయితే భారత కాంట్రాక్టు చట్టం-1872లోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే దక్కుతుంది. మే నెలలోనే కొత్త అద్దెదారు చేరితే పూర్తి మొత్తం రాబట్టడం కష్టం.

లాకిన్ సాగుతుండగానే నోటీసు ఇవ్వవచ్చా అన్నది సంతకానికి ముందే చూసుకోవాలి. గడువు ముగిశాకే ఇవ్వాలని రాసి ఉంటే, ఆరు నెలల లాకిన్ ఆచరణలో ఏడు నెలలవుతుంది.