మూడు సమీకరణాల్లో ఒక ఫ్రేమ్

4 మీటర్ల స్తంభం, దాని తలపై కుడివైపుకు 4 మీటర్ల దూలం. చివరలు రెండూ కదలకుండా బిగించి ఉన్నాయి. దూలంపై మీటరుకు 24 కిలోన్యూటన్ల బరువుంది. మూడు జాయింట్లకు తొమ్మిది కదలికలు, అంటే 9×9 గ్లోబల్ మాట్రిక్స్. బిగించిన చోట్ల ఆరు సున్నాలే కాబట్టి ఆ వరుసలూ నిలువులూ కొట్టేస్తే మూల జాయింటు పక్క జరుగు u, నిలువు జరుగు v, తిరుగుడు θ మిగులుతాయి.

రెండింటికీ EI = 16,000, EA = 20,00,000 (కిలోన్యూటన్, మీటర్లలో) అనుకుందాం. పక్క జరుగును దూలం పొడవునా 5,00,000తో, స్తంభం వంగుతూ 3,000తో అడ్డుకుంటాయి. ఒకే జాయింటు గనుక రెండూ కలుస్తాయి:

```
503000 u + 6000 θ = 0
503000 v + 6000 θ = -48
6000 u + 6000 v + 32000 θ = -32
```

కుడివైపున్నవి దూలపు బరువును జాయింటుకు మార్చిన బలం, మొమెంటు. మొదటి రెండింటి నుంచి u, vలను మూడోదాంట్లో పెడితే θ = -0.000987 రేడియన్లు. v 0.084 మి.మీ. కిందికి, u 0.012 మి.మీ. కుడికి.

ఎక్కువమంది తడబడేది స్తంభపు 6,000 గుర్తు దగ్గరే. అది రెండుచోట్లా తప్పితే మాట్రిక్స్ సౌష్ఠవంగానే కనిపిస్తుంది, u మాత్రం ఎడమకు వస్తుంది. దూలం జాయింటును సవ్యదిశలో తిప్పుతుంటే స్తంభం తల కుడికే వాలాలి. చివరగా జాయింటు దగ్గర మొమెంట్లు కూడండి: స్తంభానిది -15.71, దూలానిది +15.71. మొత్తం సున్నా రాకపోతే లెక్క మళ్లీ చేయాల్సిందే.